కలంకారి కాపరి బొమ్మకు వాక్ సైకిల్: ఎన్ని ఫ్రేములు పెట్టాలి, ఎందుకు కుంటుతోంది?

మేకలబండ
శ్రీకాళహస్తి కలంకారి తరహాలో గీసిన మేకల కాపరి బొమ్మ ఒకటుంది. పెద్ద తల, పెద్ద కళ్ళు, పొట్టి కాళ్ళు. తలపాగా, మోకాళ్ళ కిందికి పంచె, ఎడమ భుజం మీద కండువా, కుడిచేతిలో కర్ర. ఉన్నది ఆ ఒక్క బొమ్మే. నిలబడి, కుడివైపు త్రీ-క్వార్టర్ కోణంలో చూస్తా ఉంటాడు. దాన్ని 64 పిక్సెళ్ళ ఎత్తులో మళ్ళీ గీసి, పక్కనుంచి కనబడే గేములో నడిపించాలి. తలకోన అడవి బ్యాక్‌గ్రౌండు, స్క్రీను 320×180.

అసెప్రైట్‌లో 6 ఫ్రేముల వాక్ సైకిల్ చేసినాను. లూప్ సరిగ్గా కలవాలని ఆరో ఫ్రేముగా మొదటిదాన్నే కాపీ పెట్టినాను. ఇప్పుడు మూడు బాధలు. కాపరి కుంటుతా ఉండాడు. కాళ్ళు నేలమీద జారతా ఉండాయి. మొహం ఒక్కో ఫ్రేములో ఒక్కో రకంగా ఉండి, ప్లే చేస్తే మిణుకు మిణుకుమంటా ఉంది. ఫ్రేములు పెంచితే సరిపోతుందా, లేక యాడో మూలంలోనే తప్పుందా?

నగరి_నందు
ఆరు చాలదు బ్రో. 12 పెట్టు. ఫ్రేములు తక్కువైతే కన్ను పట్టేస్తుంది, అందుకే కుంటినట్టు, జారినట్టు ఉంటుంది. నడుమ ఫ్రేములు వేసుకుంటూ పోతే అదే నున్నగా అవుతుంది. మొహం సంగతి మాత్రం నాకు తెలీదు.

గళ్ళకాగితం
నందూ, 12 పెట్టినా ఈ కుంటు పోదు. కారణం ప్రశ్నలోనే ఉంది.

ఆరో ఫ్రేము మొదటిదానికి కాపీ అన్నావు గదా. అంటే లూప్ తిరిగేటప్పుడు ఒకే భంగిమ వరసగా రెండుసార్లు కనబడుతుంది. అసలైన భంగిమలు ఐదే. నడకలో ఒక చుట్టుకు రెండు అడుగులు, కుడి ఒకటి, ఎడమ ఒకటి. ఐదు భంగిమల్ని రెండు అడుగులకు సమానంగా పంచలేవు. ఒక అడుగుకు మూడు పోతే రెండోదానికి రెండే మిగులుతాయి. ఒక కాలు నిదానంగా, ఒక కాలు గబుక్కున. దాన్నే మనం కుంటడం అంటాం.

చివరి ఫ్రేము మొదటిదానికి ముందు రావాల్సిన భంగిమ కావాలి, మొదటిదే కాకూడదు. ఫ్రేముల లెక్క ఎప్పుడూ సరిసంఖ్యే ఉండాలి. 4, 6, 8, 12, ఏదైనా సరే.

జారడం గురించి చెప్పాలంటే కొన్ని కొలతలు కావాలి. తల ఎంత, నడుము వరకు ఎంత, తుంటి నుంచి పాదం వరకు ఎంత? కాళ్ళు బాగా చాచిన ఫ్రేములో రెండు పాదాల నడుమ దూరం ఎంత? గేములో వేగం ఎంత పెట్టినావు?

మెట్లదారి
అలిపిరి నుంచి పైకి 3550 మెట్లు, అట్లాంటి దారిలో నడిపించాలంటే మామూలు నడక ఫ్రేములే వాడొచ్చా? నేను వాడితే పాదం మెట్టులో దిగబడిపోతోంది.

గళ్ళకాగితం
@మెట్లదారి, ఆయన అడిగేది చదును నేల గురించి. మెట్లకు వేరే సైకిల్ కావాల్సిందే. చదును నడకలో వెనక పాదం ముందుకొచ్చేటప్పుడు నేలనుంచి 3, 4 పిక్సెళ్ళే లేస్తుంది. నీ మెట్టు ఎత్తు 8 అయితే అది మెట్టులోనుంచే దూసుకుపోతుంది. వేరే పోస్టు పెడితే అక్కడ మాట్లాడుకుందాం.

మేకలబండ
కొలిచినాను అన్నా. తల తలపాగాతో కలిపి 26, మెడ నుంచి తుంటి దాకా 20, తుంటి నుంచి పాదం దాకా 18. మొత్తం 64. కాళ్ళు చాచినప్పుడు దగ్గరి కాలు ముందున్న ఫ్రేములో పాదాల నడుమ 24. దూరపు కాలు ముందున్న ఫ్రేములో 18, కోణం వల్ల దూరంగా ఉన్నది చిన్నగా కనబడాలి గదా అని తగ్గించినాను. ఫ్రేముకు 100 మిల్లీసెకన్లు. గేములో వేగం సెకనుకు 120 పిక్సెళ్ళు.

గళ్ళకాగితం
బాగా కొలిచినావు. ఇంక తప్పులన్నీ అంకెల్లోనే కనబడతాయి. ఒక్కొక్కటీ చూద్దాం.

మొదట అడుగు పొడవు. కాలు 18 పిక్సెళ్ళు. పాదాల నడుమ 24 అంటే ఒక్కో కాలు తుంటి కిందినుంచి 12 ముందుకో వెనక్కో పోవాలి. 18 పొడవు కర్రను 12 పక్కకు చాపితే దాని నిలువు ఎత్తు 13 చిల్లరే మిగులుతుంది. అంటే అడుగు వేసినప్పుడల్లా తుంటి దాదాపు 5 పిక్సెళ్ళు కిందికి దిగాలి. నువ్వు దించి ఉండవు, కాళ్ళనే సాగదీసి ఉంటావు. అందుకే ఆ ఫ్రేములో కాలు పొడుగు, తర్వాతి ఫ్రేములో పొట్టి.

అదే పాదాల నడుమ 16 పెట్టు. ఒక్కో కాలు 8 పోతుంది, ఎత్తు 16 మిగులుతుంది. తుంటి రెండు పిక్సెళ్ళు దిగితే చాలు. పొట్టి కాళ్ళ బొమ్మకు అడుగు ఎంత ఉండాలో కాలే చెబుతుంది. మన ఇష్టం కాదు.

ఇప్పుడు 8 ఫ్రేములు తీసుకుందాం. ఒక అడుగుకు నాలుగు భంగిమలు. ఒకటి కాంటాక్ట్, ముందు కాలి మడమ నేలకు తాకుతుంది. రెండు డౌన్, బరువు దానిమీద పడి మోకాలు వంగుతుంది, ఒళ్ళు బాగా కిందికి వచ్చేది ఇక్కడే. మూడు పాసింగ్, నిలబడిన కాలి పక్కనుంచి రెండోది దాటుతుంది. నాలుగు అప్, నిలబడిన కాలి మడమ లేస్తుంది, ఒళ్ళు బాగా పైకి ఉండేది ఇక్కడ. ఐదో ఫ్రేములో రెండో కాలికి కాంటాక్ట్.

నేలనుంచి తుంటి ఎత్తు ఈ నాలుగింటిలో వరసగా 16, 15, 17, 18. తర్వాతి నాలుగింటిలోనూ అవే అంకెలు, మళ్ళీ 16, 15, 17, 18. రెండు అడుగుల్లో ఒక్క పిక్సెల్ తేడా వచ్చినా మళ్ళీ కుంటు మొదలవుతుంది.

నేలమీద ఉన్న పాదం 1 నుంచి 5వ ఫ్రేము వరకు తుంటికి లెక్కిస్తే +8, +4, 0, −4, −8 దగ్గర ఉండాలి. ప్రతి ఫ్రేముకు సరిగ్గా నాలుగే వెనక్కి. ఇందులో నిదానం, గబగబ ఏమీ ఉండకూడదు, ఎందుకంటే నేల సమానంగా వెనక్కి పోతుంది. గాల్లో ఉన్న పాదం మాత్రం స్వేచ్ఛగా రావచ్చు. −8, −6, 0, +6, +8 అయితే బాగుంటుంది. మొదట నిదానంగా లేచి, నడుమ విసురుగా వచ్చి, చివర మెల్లగా దిగినట్టు ఉంటుంది. దాని ఎత్తు 0, 3, 4, 2, 0.

ఇంక వేగం. ఫ్రేముకు 4, సెకనుకు 10 ఫ్రేములు, అంటే బొమ్మ నడిచేది సెకనుకు 40 పిక్సెళ్ళు. నువ్వు గేములో 120 పెట్టినావు. మూడింతలు. జారక ఏం చేస్తుంది?

నగరి_నందు
లెక్క బాగుంది గానీ 12 ఫ్రేములు ఎందుకు వద్దో చెప్పలేదు. సినిమా యానిమేషన్‌లో సెకనుకు 24 ఫ్రేముల మీద ఒక్కో అడుగుకు 12 వేస్తారు గదా. ఇంకోటి, దూరపు కాలికి అడుగు తగ్గించడం కరెక్టే అనుకుంటున్నా. త్రీ-క్వార్టర్‌లో దూరపుది చిన్నగానే ఉండాలి.

గళ్ళకాగితం
పెద్ద స్క్రీను యానిమేషన్ గురించి నువ్వు చెప్పింది నిజమే. అక్కడ గీత అర పిక్సెల్ జరిగినా చెల్లుతుంది. ఇక్కడ గడి దాటితే ఒక గడి, లేకపోతే సున్నా. 12 ఫ్రేముల్లో ఒక అడుగుకు 6 జరుగుళ్ళు. 16ను 6తో భాగిస్తే 2.67. అప్పుడు పాదం 3, 2, 3, 3, 2, 3 అని గెంతుతుంది, నేలమీద వణుకుతున్నట్టు ఉంటుంది. 12 కావాలంటే అడుగును 18 చేసుకో, ఫ్రేముకు 3 వస్తుంది. 6 ఫ్రేములే అయినా 18 అడుగైతే ఫ్రేముకు 6 వస్తుంది, అదీ నడుస్తుంది. అడుగు పొడవును సగం ఫ్రేములతో భాగిస్తే శేషం రాకూడదు. ఫ్రేముల లెక్కకు నేను చూసేది ముందు ఇదే.

రెండోది, ఆయనకు మొహమే నిలవడం లేదు. ఆరు ఫ్రేముల్లోనే ఆరు మొహాలు గీసినవాడికి పన్నెండు ఇస్తే ఏమవుతుందో చూడు.

దూరపు కాలి విషయం సగమే కరెక్టు. దూరం వల్ల చిన్నదయ్యే మాట నిజమే, కానీ రెండు పాదాల నడుమ లోతు మనిషి తుంటి వెడల్పంత. 64 పిక్సెళ్ళ బొమ్మలో ఆ తేడా అర పిక్సెల్ కూడా ఉండదు. కోణం వల్ల మారేది అడుగు పొడవు కాదు, పాదం మోపే చోటు. దూరపు పాదం నేలగీతను 2 పిక్సెళ్ళు పైకి, 2 కుడికి జరుపు. అడుగు మాత్రం రెండింటికీ 16 ఉండాలి. 24, 18 అని పెట్టడమే ఆయన కుంటుకు రెండో కారణం.

నగరి_నందు
సరే, ఆ భాగం ఒప్పుకుంటా. కానీ 8 కంటే 12 నున్నగా ఉంటుందన్న మాట మీదే ఉన్నా 🙂

కలంకారి_కొస
మొహం మిణుకు గురించి నేను చెబుతాను. కలంకారిలో ఆకర్షణంతా నల్లగీతలోనే ఉంటుంది. కన్ను కొస యాడ తిరిగింది, ముక్కు గీత యాడ ఆగింది, ఇవి ఒక్క గడి మారినా వేరే మనిషి అయిపోతాడు. మామూలు గుండ్రని కార్టూన్ మొహానికి ఇంత బాధ ఉండదు.

అందుకని తలను ప్రతి ఫ్రేములో గీయనే వద్దు. ఒక్కసారి గీసి, దాన్ని వేరే లేయర్‌లో పెట్టి, అన్ని ఫ్రేముల్లోనూ అదే తలను పైకీ కిందికీ పూర్తి పిక్సెళ్ళ లెక్కన జరుపు. తిప్పొద్దు. 3 డిగ్రీలు తిప్పినా కనుబొమ్మ గీత మెట్లుమెట్లుగా విరుగుతుంది.

ఒక్క బొమ్మనుంచి లేయర్లు ఇట్లా విడదీసుకో. తల, ఒళ్ళు, దగ్గరి చెయ్యి, దూరపు చెయ్యి, దగ్గరి కాలు, దూరపు కాలు, పంచె, కండువా కొస, కర్ర. విడదీసేటప్పుడు దాగిన భాగాలు కొంచెం గీసిపెట్టుకోవాలి. మెడను తల కిందకు 3 పిక్సెళ్ళు ఎక్కువ పొడిగించు, లేదంటే తల పైకి పోయినప్పుడు మెడ దగ్గర సందు వస్తుంది. దూరపు భుజం అసలు బొమ్మలో ఒంటి వెనక దాక్కుని ఉంటుంది. చెయ్యి ముందుకు ఊగినప్పుడు అది బయటికొస్తుంది, కాబట్టి దాన్నీ ఊహించి గీయాలి.

తల, ఒళ్ళు మళ్ళీ గీయొద్దు. కాళ్ళు మాత్రం ప్రతి ఫ్రేముకూ చేత్తో గీయి. కాళ్ళను కూడా ముక్కలుగా కోసి తిప్పితే మోకాలు దగ్గర తోలుబొమ్మ కీలులాగా కనబడుతుంది. తోలుబొమ్మలో అదే అందం, ఇక్కడ కాదు.

గీత మందం కూడా చూసుకో. బయటి గీత రెండు పిక్సెళ్ళు, లోపలి గీతలు ఒకటి అని ఒకసారి నిర్ణయించుకుంటే ఎనిమిది ఫ్రేముల్లోనూ అదే ఉండాలి. కాలు వంగిన చోట గీత తెలియకుండానే మూడు అవుతుంది. నేనైతే అక్కడే ముందు వెతుకుతాను.

మేకలబండ
అక్కా, పంచె ఎట్లా? కాళ్ళు సరిగ్గా గీసినా పంచె వాటిని మింగేస్తా ఉంది. పాసింగ్ ఫ్రేములో ఏం జరుగుతుందో అర్థమే కాదు.

కలంకారి_కొస
ముందు పంచె లేయర్ దాచేసి కాళ్ళతోనే నడక పూర్తి చెయ్యి. అది బాగుందనుకున్నాకే పంచె తొడుగు. పంచెతోపాటే కాళ్ళు గీస్తే కాలి తప్పును బట్టతో కప్పుతాం, కదిలినప్పుడు బయటపడుతుంది.

తర్వాత పంచె అంచు చూడు. కాంటాక్ట్‌లో రెండు మోకాళ్ళ నడుమ గుడారంలాగా వెడల్పుగా ఉంటుంది, పాసింగ్‌లో దగ్గరికి ముడుచుకుంటుంది. కానీ బట్ట కాలితో పాటే కదలదు, ఒక ఫ్రేము వెనకబడుతుంది. అంటే అంచు బాగా వెడల్పయ్యేది 1లో కాదు, 2లో. బాగా సన్నగా ఉండేది 3లో కాదు, 4లో. పాసింగ్‌లో ముందుకొస్తున్న మోకాలు బట్టను తోస్తుంది, అక్కడ అంచును ఒక పిక్సెల్ పైకెత్తి, ఒక గడి ముందుకు పొంగించు. ఆ ఒక్క గడితోనే లోపల మోకాలుందని తెలిసిపోతుంది.

కుచ్చిళ్ళ గీతలు మూడే పెట్టు. అసలు బొమ్మలో పది ఉండొచ్చు, ఈ సైజులో పది పెడితే ప్రతి ఫ్రేములోనూ గజిబిజే.

పుత్తూరు_పిల్ల
నాదీ ఇదే సమస్య కానీ నా గేము పైనుంచి చూసే కోణం. నాలుగు దిక్కులకూ 8 ఫ్రేములు అంటే 32 అవుతాయి. 32 పిక్సెళ్ళ బొమ్మకు అన్ని గీయాలా?

గళ్ళకాగితం
వద్దమ్మా. ఆ సైజులో, ఆ కోణంలో దిక్కుకు 4 చాలు. కుడికాలు ముందు, నిలబడినది, ఎడమకాలు ముందు, మళ్ళీ నిలబడినది. నిలబడినది రెండుసార్లు వాడుకుంటావు కాబట్టి గీసేది మూడే. ఎదురుగా వచ్చేటప్పుడు అడుగు పొడవు కనబడదు, పాదం పైకీ కిందికీ పోవడం, తల ఒక పిక్సెల్ ఊగడం, ఇంతే కనబడుతుంది. అందుకే తక్కువతో సరిపోతుంది. పక్కకు నడిచే దిక్కుల్లో మాత్రం కొంచెం జారుతుంది. 32 సైజులో పెద్దగా కంటికి ఆనదు.

కోడ్‌కోతి
వేగం సంగతి. 40కి తగ్గిస్తే 320 స్క్రీను దాటడానికి 8 సెకన్లు పడుతుంది, ఆడేవాడు నిద్రపోతాడు. 120లో 2.7 సెకన్లు. ఇంత తేడాను నడకతోనే పూడ్చలేం. మేకలబండా, నీకు నడకా కావాలా, పరుగా?

గోడాట్ అయితే యానిమేషన్ వేగాన్ని నడిచే వేగానికి కట్టేయి. అప్పుడు నిదానంగా కదిలినా, మెల్లగా ఆగినా జారదు. యానిమేషన్‌ను 10 FPS మీద పెట్టి:

```gdscript
const PX_PER_FRAME := 4.0
const ANIM_FPS := 10.0

$AnimatedSprite2D.speed_scale = absf(velocity.x) / (PX_PER_FRAME * ANIM_FPS)
```

వేగం 40 ఉంటే 1 వస్తుంది, 20 అయితే సగం వేగంతో ఆడుతుంది. 120 పెడితే 3 వస్తుంది, అంటే సెకనుకు 30 ఫ్రేములు. పాదం జారదు కానీ కాళ్ళు ఫ్యానులాగా తిరుగుతాయి. అక్కడే తెలుస్తుంది ఇది నడక చేసే పని కాదని.

ఇంకో మాట, దీన్ని ఎవరూ చెప్పరు. అంకెలన్నీ సరిగ్గా పెట్టినా సన్నగా జారుడు మిగిలే ఉంటుంది. ఎందుకంటే గేము సెకనుకు 60 సార్లు గీస్తుంది, బొమ్మ ఫ్రేము 10 సార్లే మారుతుంది. ఆరుసార్లు గీసినంతసేపూ ఒకే భంగిమ, ఒళ్ళు మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది. పాదం ఒళ్ళుతోపాటు 4 పిక్సెళ్ళు ముందుకు జారి, ఫ్రేము మారగానే 4 వెనక్కి వస్తుంది. దీన్ని పోగొట్టాలంటే బొమ్మను కూడా ఫ్రేము మారినప్పుడే 4 పిక్సెళ్ళు జరపాలి. పాదం బండలాగా నిలబడుతుంది.

గళ్ళకాగితం
నిలబడుతుంది, కానీ అప్పుడు ఒళ్ళు, దాంతోపాటు కెమెరా కుదుపుతాయి. అడవి బ్యాక్‌గ్రౌండ్ మొత్తం సెకనుకు పదిసార్లు ఎగిరితే పాదం జారడం కంటే అదే ఎక్కువ కొడుతుంది. కెమెరాను అసలు స్థానానికి కట్టి, బొమ్మను మాత్రమే మెట్లుగా జరపొచ్చు అంటారు. చేసి చూస్తే బొమ్మ స్క్రీనుమీద ముందుకూ వెనక్కూ ఊగుతున్నట్టుంటుంది. నాకు నచ్చలేదు.

కోడ్‌కోతి
నాకు నచ్చింది. బటన్ వదలగానే ఆగడంలో కొంచెం ఆలస్యం వస్తుంది, అది మాత్రం ఒప్పుకుంటా. గెంతే గేముకు పనికిరాదు, మేకల వెంట తిరిగే గేముకు ఫరవాలేదు.

మేకలబండ
నాకు నడకే ముఖ్యం. పరుగు తర్వాత వేరేగా చేస్తాను. అయినా 40 మరీ నిదానం. ఇదే కాలితో ఇంకొంచెం పెంచుకునే దారి ఉందా?

గళ్ళకాగితం
ఉంది, కొంచెం మోసం చేయాలి. పంచె ఉంది గదా, దాన్ని వాడుకుందాం.

అడుగును 16 నుంచి 20 చెయ్యి. కాలు 10 పోవాలి. 18 కాలితో అయితే తుంటి 15కు దిగుతుంది, అది డౌన్ ఫ్రేము ఎత్తే. కాంటాక్ట్, డౌన్ రెండూ ఒకే ఎత్తులో ఉంటే బరువు పడినట్టే అనిపించదు. అందుకని కాంటాక్ట్ ఫ్రేముల్లో మాత్రం కాలిని 19 చెయ్యి, తుంటి మళ్ళీ 16 దగ్గరే నిలుస్తుంది. పెరిగిన ఆ ఒక్క పిక్సెల్ తొడలో పెట్టు, పంచె కింద దాక్కుంటుంది. పిక్కలోనో పాదంలోనో పెడితే కనబడిపోతుంది. రెండు కాంటాక్ట్‌లలోనూ, ముందు కాలికీ వెనక కాలికీ సమానంగా పెట్టాలి.

నేలమీది పాదం ఇప్పుడు +10, +5, 0, −5, −10. గాల్లోది −10, −7, 0, +7, +10. తుంటి ఎత్తులు పాతవే. ఫ్రేముకు 80 మిల్లీసెకన్లు పెడితే సెకనుకు 12.5 ఫ్రేములు, వేగం 62.5. ఒక చుట్టు 0.64 సెకన్లలో తిరుగుతుంది, చురుగ్గా నడిచే మనిషి కంటే కూడా గబగబగా. 60 మిల్లీసెకన్ల కంటే తగ్గిస్తే పొట్టి కాళ్ళు గిరగిర తిరిగినట్టుంటాయి, హాస్యం కావాలంటే తప్ప వద్దు.

పైన కోడ్‌లో 4.0 బదులు 5.0, 10.0 బదులు 12.5 మార్చుకో. గోడాట్‌లో యానిమేషన్ FPS కూడా 12.5 చెయ్యాలి.

మేకలబండ
వారం పట్టింది. 8 ఫ్రేములు, అడుగు 20, 80 మిల్లీసెకన్లు. కుంటు పోయింది! మొహం నిలబడింది. కొత్తగా రెండు వచ్చినాయి.

ఒకటి, అసెప్రైట్‌లో బాగుంది, గోడాట్‌లో పెడితే బొమ్మ మొత్తం ఎడాపెడా వణుకుతా ఉంది.

రెండు, 8 గీసినా 4 ఫ్రేములే తిరుగుతున్నట్టుంది. చిన్నచిన్న అడుగులతో గుడగుడా పోతా ఉండాడు.

కోడ్‌కోతి
మొదటిది నాకు తెలుసు. ఎగుమతి చేసేటప్పుడు `Trim Cels` టిక్ పెట్టి ఉంటావు. అది ప్రతి ఫ్రేము చుట్టూ ఖాళీని కోసేస్తుంది. కాళ్ళు చాచిన ఫ్రేము వెడల్పుగా, పాసింగ్ సన్నగా వస్తాయి. నడుమ గీత ఒక్కో ఫ్రేములో ఒక్కోచోట పడుతుంది. టిక్ తీసెయ్. కమాండుతో అయితే:

```
aseprite -b kapari.aseprite --sheet kapari.png --sheet-type horizontal --data kapari.json
```

ఫ్రేము గడి ఎంత?

మేకలబండ
80×80. నేలగీత పైనుంచి 72 దగ్గర. టిక్ ఉండింది, నిజమే.

కోడ్‌కోతి
అయితే షీటు సరిగ్గా 640×80 రావాలి. ఒక్క పిక్సెల్ తేడా ఉన్నా యాడో కోత పడినట్టే. గోడాట్‌లో షీటును అడ్డంగా 8, నిలువుగా 1 అని కోయించు. బొమ్మ నడుమ 40 దగ్గర, నేల 72 దగ్గర కాబట్టి `Offset` y విలువ −32 పెడితే పాదం సరిగ్గా నోడ్ స్థానంమీద నిలుస్తుంది.

గళ్ళకాగితం
రెండోదానికి జవాబు రంగులో ఉంది. దగ్గరి కాలూ దూరపు కాలూ ఒకే రంగులో ఉన్నాయేమో చూడు. అప్పుడు 1, 5 ఫ్రేములు కంటికి ఒకటే. ఏ కాలు ముందుందో కన్నుకు తెలీదు, ఒక అడుగే మళ్ళీ మళ్ళీ వస్తున్నట్టుంటుంది.

దూరపు కాలు, దూరపు చెయ్యి ఒక మెట్టు ముదురు రంగులో పెట్టు. చర్మానికి ఒకటి, పంచె వెనక భాగానికి ఒకటి, రెండు రంగులు కలిపితే చాలు. 5 నుంచి 8 దాకా ఫ్రేములు చేసేటప్పుడు చాలామంది 1 నుంచి 4 కాపీ చేసి ముదురు కాలిని అట్లే వదిలేస్తారు. కాపీ చేసినాక దగ్గరి కాలి గీతల్ని దూరపు లేయర్‌లోకి, దూరపువి దగ్గరి లేయర్‌లోకి మార్చి రంగులు మళ్ళీ వేయాలి. నేలగీతలోని ఆ 2 పిక్సెళ్ళ తేడా కూడా లేయర్‌తోనే మారాలి.

ఎట్లా తెలుస్తుందంటే, 1, 5 ఫ్రేముల్ని మాత్రమే మార్చి మార్చి చూడు. తల, ఒళ్ళు రాయిలాగా కదలకుండా ఉండాలి. కాళ్ళు, చేతులు, పంచె మడత మాత్రమే మారాలి. అట్లే 2, 6 చూడు. 3, 7 చూడు. 4, 8 చూడు. తల ఒక్క గడి ఎగిరినా ఆ జతలోనే తప్పుంది. ఆనియన్ స్కిన్ పక్కపక్క ఫ్రేముల్ని చూపుతుంది కాబట్టి ఈ తప్పు అందులో దొరకదు.

నగరి_నందు
తల ఒంటితోపాటు ఒకేసారి ఊగితే చెక్కబొమ్మలాగా ఉండదా? తలను ఒక ఫ్రేము ఆలస్యంగా కదిలిస్తే ప్రాణం వస్తుంది.

గళ్ళకాగితం
మామూలు బొమ్మకు అవును. ఇక్కడ తల 26 పిక్సెళ్ళు, ఒంటికంటే పెద్దది. ఒక ఫ్రేము ఆలస్యం చేస్తే కాంటాక్ట్‌లో మెడ రెండు పిక్సెళ్ళు సాగుతుంది, పాసింగ్‌లో రెండు లోపలికి దిగుతుంది. కోడి నడిచినట్టుంటుంది. ఆ ఆలస్యం కండువా కొసకూ తలపాగా కొసకూ ఇవ్వు, తల మాత్రం ఒంటితోనే పోనీ.

కలంకారి_కొస
నేను నందు వైపు. పూర్తి ఆలస్యం కాదు గానీ, డౌన్ ఫ్రేములో మాత్రం తలను ఒక పిక్సెల్ పైన ఉంచితే బరువు బాగా తెలుస్తుంది. 2, 6 రెండింటిలోనూ ఒకేలా చేయాలి. రెండూ చేసి చూసుకో.

మేకలబండ
వణుకు పోయింది. ముదురు రంగుతో అడుగులు రెండూ తెలిసిపోతా ఉండాయి. తలకు అక్క చెప్పింది పెట్టినా, ఇప్పటికైతే నచ్చింది.

మిగిలింది కర్ర. కుడిచేతిలో నేలకు ఆనించి నడిపిస్తే కొస జారతా ఉంది. ఎడమవైపు నడిచేటప్పుడు బొమ్మను అద్దంలాగా తిప్పేస్తే కర్ర ఎడమచేతికి, కండువా కుడి భుజానికి పోతాయి. మళ్ళీ 8 గీయాల్సిందేనా?

గళ్ళకాగితం
ఆనించిన కర్ర మూడో పాదం. దానికీ అదే లెక్క. దగ్గరి చెయ్యి దూరపు కాలితోపాటు ముందుకొస్తుంది కాబట్టి 5వ ఫ్రేములో కర్ర ఆనుతుంది. కొస +12 దగ్గర మొదలుపెట్టి ఫ్రేముకు 5 చొప్పున +12, +7, +2, −3. మొదటి ఫ్రేముకు లేచిపోవాలి, 1 నుంచి 4 వరకు గాల్లో ముందుకు రావాలి. గాల్లో కొస 4 పిక్సెళ్ళకు మించి లేపొద్దు. ఇదంతా వద్దనుకుంటే భుజం మీద వేసుకోనీ, మేకల కాపరులు అట్లే గదా పోయేది.

తిప్పడం గురించైతే నేను తిప్పేస్తాను. ఈ సైజులో కర్ర చెయ్యి మారిందని ఎవరూ పట్టుకోరు.

కలంకారి_కొస
కర్ర పట్టుకోరేమో, కండువా పట్టుకుంటారు. ఎర్ర కండువా అయితే మరీ. కాళ్ళు, పంచె, తల తిప్పి వాడుకుని, ఒళ్ళు, చేతులు, కండువా, కర్ర లేయర్లు మాత్రమే ఎడమవైపుకు కొత్తగా గీయొచ్చు. ఒళ్ళు ఒకటే బొమ్మ కాబట్టి పని సగానికంటే తక్కువ. కాకపోతే తలపాగా ముడి ఒక పక్కకు ఉంటే తల కూడా తిప్పకూడదు. ముడి ఎటుంది?

మేకలబండ
ఎడమపక్కకే ఉంది 😭